లిపిడ్ రిపోర్టులో మూడే కొలతలు, మిగిలినవి లెక్కలు

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో రక్తపరీక్ష చేయించుకున్న తెలుగువారి చేతికి వచ్చే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు సాధారణంగా తెలుగులోనూ ఉండదు, ఒడియాలోనూ ఉండదు. ఆంగ్లంలో ఉన్న ఆ వరుసల్లో రెండు మూడింటి పక్కన ముద్దక్షరం కనిపించగానే గుండె జారిపోతుంది. ఈ రోజు అలాంటి ఒక నమూనా రిపోర్టును మొదటి వరుస నుంచి చివరిదాకా చదువుదాం. ఇది 46 ఏళ్ల దుకాణదారుడిదని, ఆయనకు షుగరు గాని రక్తపోటు గాని ఉన్నట్టు ఇంతవరకు తెలియదని అనుకుందాం.

మొదటి వరుస మొత్తం కొలెస్ట్రాల్, 212. అంటే నూరు మిల్లీలీటర్ల రక్తద్రవంలో 212 మిల్లీగ్రాములు. 200 లోపు ఉంటే మేలంటారు, 240 దాటితే ఎక్కువంటారు, ఈ రెంటి మధ్య ఉన్నది సరిహద్దు. మంచి కొలెస్ట్రాల్, చెడు కొలెస్ట్రాల్ కలగలిసిన మొత్తం కాబట్టి దీన్ని చూసి మంచిచెడ్డలు తేల్చలేము.

రెండోది ట్రైగ్లిజరైడ్లు, 190. ఇవి రక్తంలో తిరిగే కొవ్వు. 150 లోపు సాధారణం, 199 దాకా సరిహద్దు. రిపోర్టు మొత్తంలో ఇంత చంచలమైన వరుస మరొకటి లేదు. ముందురోజు రాత్రి పెళ్ళి విందు తిన్నా, ఇప్పసారా పుచ్చుకున్నా, ఉదయం పాలూ చక్కెరా వేసిన టీ తాగి వచ్చినా ఇది పెరుగుతుంది. ఏ మార్పూ లేకపోయినా, ఒకే మనిషిలో ఈ రోజుకూ వచ్చే వారానికీ ఐదో వంతు తేడా రావడం మామూలే. అందుకే తొమ్మిది నుంచి పన్నెండు గంటలు మంచినీళ్ళు తప్ప మరేమీ తీసుకోకుండా రమ్మంటారు.

మూడోది హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, 38. ఇక్కడ తక్కువ ఉండటమే లోపం. పురుషులకు 40, స్త్రీలకు 50 కింది హద్దులు. కాబట్టి ఇదే 38 మన ఊళ్ళలో అడ్డపొగ తాగే ఒక పెద్దమ్మ రిపోర్టులో ఉంటే లోటు మరింత పెద్దది. పొగాకు కాల్చే అలవాటు ఈ అంకెను తగ్గిస్తుంది కూడా. ట్రైగ్లిజరైడ్లు పైకి, హెచ్‌డీఎల్ కిందికి జంటగా కనబడితే వైద్యుడు నడుము చుట్టుకొలత చూస్తాడు, షుగరు పరీక్ష చేయించమంటాడు.

ఇంతవరకు చూసిన మూడూ యంత్రం కొలిచినవి. మిగిలినవి చాలా ల్యాబుల్లో భాగహారాలూ తీసివేతలే. ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగిస్తే వచ్చే 38 వీఎల్‌డీఎల్, అంటే ట్రైగ్లిజరైడ్లను మోసే కణాల్లోని కొలెస్ట్రాల్. మొత్తం 212లో నుంచి హెచ్‌డీఎల్ 38, వీఎల్‌డీఎల్ 38 తీసేస్తే మిగిలే 136 ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. 130 నుంచి 159 దాకా సరిహద్దే.

తీసివేతలో ఒక చిక్కు ఉంది. మన దుకాణదారుడు రెండు వారాలాగి, సరిగ్గా ఉపవాసముండి మళ్ళీ పరీక్ష చేయించుకున్నాడనీ, ట్రైగ్లిజరైడ్లు 140కి దిగి, మిగిలిన రెండు కొలతలూ అలాగే ఉన్నాయనీ అనుకోండి. వీఎల్‌డీఎల్ 28 అవుతుంది; తీసేసేది తగ్గింది గనుక ఎల్‌డీఎల్ 146కి ఎక్కుతుంది. చెడు కొలెస్ట్రాల్ పెరిగిందని ఇంటిల్లిపాదీ దిగులుపడతారు గాని, మారింది లెక్క మాత్రమే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం అసలు పనికిరాదు, అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలి.

అందువల్ల సరిహద్దు రిపోర్టులో నేను ముందుగా వేలు పెట్టి చూపేది నాన్ హెచ్‌డీఎల్ వరుస. 212లో 38 పోగా 174. ఇందులో ట్రైగ్లిజరైడ్ల ప్రమేయం లేదు కాబట్టి, మన ఉదాహరణలో రెండు పరీక్షల్లోనూ అది 174గానే నిలుస్తుంది. ఉండవలసింది 130 లోపు. అంటే ఈయనకు సమస్య ఉన్నది నిజమే, ఒక పూట విందు మీదికి నెట్టేయలేము. కొన్ని రిపోర్టుల్లో ఈ వరుస ఉండదు, మనమే తీసివేత చేసుకోవచ్చు. చివరనుండే నిష్పత్తి, 212ని 38తో భాగించగా వచ్చిన 5.6, కొత్తగా చెప్పేదేమీ లేదు.

పక్కన అచ్చువేసిన హద్దులు అందరికీ ఒకటే కావు. గుండెపోటు వచ్చిన మనిషికి ఎల్‌డీఎల్ 70 లోపుండాలని వైద్యులు చూస్తారు. అతనికి 136 సరిహద్దు కాదు, బాగా ఎక్కువ. మన దుకాణదారుడికి మాత్రం మాత్రలు కావాలా వద్దా అన్నది వయసు, రక్తపోటు, షుగరు, పొగాకు, ఇంట్లో చిన్నవయసులో గుండెజబ్బు వచ్చినవారున్నారా అన్నవి కలిపి తేల్చవలసిన విషయం. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కనుక ఆ పరీక్ష కూడా అడుగుతారు.

మన జిల్లాల్లో మరో సంగతి చూసుకోవాలి. మలేరియా వంటి జ్వరం వచ్చినప్పుడు కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పడిపోతుంది. జ్వరం తగ్గి వారమే అయిన మనిషికి అంకెలు చక్కగా వచ్చినా నమ్మకుండా, కోలుకున్న కొన్ని వారాలకు తిరిగి చేయించాలి. రెండోసారి అదే ల్యాబుకు, అదే ఉపవాసంతో వెళ్ళి, పాత కాగితం వెనుక చివరి భోజనం ఎన్ని గంటలకు చేశారో, ఏ మందులు వాడుతున్నారో రాసి, రెండు కాగితాలూ కలిపి వైద్యుడి ముందు పెట్టండి.