వాడని కన్సల్టేషన్ల లెక్క

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో మా పిన్ని ఫోన్ చేసి, "ఆ డాక్టర్ల యాప్ తీసేశాన్రా, పీడ వదిలింది" అంది. ఫోన్లోంచి యాప్ తీసేస్తే మెంబర్‌షిప్ కూడా పోయిందనుకుంది. అది పోలేదు. యాప్ అన్నది తలుపు లాంటిది. తలుపేసుకున్నంత మాత్రాన లోపల కట్టిన డబ్బు వెనక్కి రాదు, వచ్చే ఏడాది మళ్లీ కోసుకోవడం ఆగదు.

సంగతి ఇదీ. బెంగళూరులో ఉండే పిన్ని కూతురు, మా చెల్లెలు, అమ్మానాన్నల కోసం ఒక ఆన్‌లైన్ సంస్థలో ఏడాది ప్లాన్ కొంది. 4,800 రూపాయలు. అందులో ఇద్దరికీ చెరొక హెల్త్ చెకప్, ఇద్దరికీ కలిపి 12 సార్లు డాక్టరుతో వీడియోలో మాట్లాడే అవకాశం. చెకప్‌కి ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటామన్నారు. పిన్ని వాళ్లది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. బుక్ చేయబోతే, మీ పిన్‌కోడ్‌కి మా మనిషి రాడు, ఏలూరు సెంటరుకి రండి అని వచ్చింది. ఫాస్టింగ్ పరీక్ష, బాబాయికి షుగరు. ఖాళీ కడుపుతో అంతదూరం బస్సులో ఎలా వెళ్తాడు? అక్కడే పిన్నికి విసుగు పుట్టింది.

నేను ముందు చెప్పింది, రద్దు బటన్ నొక్కొద్దని. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. రద్దు నొక్కిన మరుక్షణం కొన్ని యాప్‌లలో మిగిలిన కన్సల్టేషన్ల లెక్క తెరమీంచి మాయమవుతుంది. తర్వాత ఎన్ని వాడలేదో చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు. అందుకని యాప్ మళ్లీ వేయించి, మూడు స్క్రీన్‌షాట్లు తీయించాను: ప్లాన్‌లో ఏమేమి ఉన్నాయో చెప్పే పేజీ, ఎన్ని వాడారో చూపే చరిత్ర, "మీ ప్రాంతంలో ఈ సేవ లేదు" అన్న ఆ ఒక్క వాక్యం. ఈ మూడోది బంగారం. మనసు మారి రద్దు చేసుకోవడం వేరు, అమ్మిన సేవ అందకపోవడం వేరు. రెండోది చట్టం దృష్టిలో సేవాలోపం. కొన్నాక ఇన్ని రోజుల్లోగా రద్దు చేసుకోవాలన్న గడువు దాటినా అడగడానికి ఆధారం ఉంటుంది.

తర్వాత ఆటోపే. ఇది మెంబర్‌షిప్‌తో ముడిపడినదే అయినా వేరే తాళం. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి ఆ సంస్థ పేరు మీదున్న మ్యాండేట్‌ను, అంటే దానంతటదే డబ్బు కోసుకోమని మనమిచ్చిన అనుమతిని, రద్దు చేయాలి. ఏడాది రుసుము 15,000 లోపే కాబట్టి రెన్యువల్ రోజున పిన్ అడగదు. 24 గంటల ముందు ఒక సందేశం మాత్రం వస్తుంది. దాన్ని మనవాళ్లు లోన్ ఆఫర్ల మెసేజ్‌లతో పాటు తోసేస్తారు. ఆటోపే ఆపితే రేపటి డబ్బు ఆగుతుంది గానీ నిన్న కట్టింది రాదు. దానికి ఉత్తరం రాయాలి.

రాసేముందు చరిత్ర చూశాం. ఐదు కన్సల్టేషన్లు వాడినట్టుంది. పిన్ని నాలుగే అంటుంది. ఐదో రోజున ఆవిడ పట్టుచీర కాకపోయినా మంచి చీరే కట్టుకుని ఇరవై నిమిషాలు ఫోను ముందు కూర్చుంది, డాక్టరు రాలేదు. యాప్ మాత్రం "పూర్తయింది" అని రాసుకుంది. మిగతా నాలుగింటికీ డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుతో ప్రిస్క్రిప్షన్ ఉంది. ఐదోదానికి ప్రిస్క్రిప్షనూ లేదు, సలహా కాగితమూ లేదు. ఇలాంటివి మీ ఖాతాలోనూ ఒకటో రెండో ఉండొచ్చు. తేదీ, సమయం వేసి, కన్సల్టేషన్ రికార్డూ కాల్ నిడివీ చూపించండని అడగాలి.

చెల్లెలి మెయిల్‌తోనే గ్రీవెన్స్ అధికారికి రాయించాం. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థా ఆ అధికారి పేరు, మెయిల్ తన సైట్లో పెట్టాలి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఉత్తరం ఇంతే: "ఫలానా ఆర్డరు నంబరు ప్లాన్‌ను నేటి నుంచి రద్దు చేయండి. ఇంటివద్ద రక్తసేకరణ మా ఊళ్లో లేదని మీ యాపే చెప్పింది. రెండు చెకప్‌లు, ఎనిమిది కన్సల్టేషన్లు వాడలేదు. వాటి సొమ్ము 3,840 రూపాయలు డబ్బు కట్టిన ఖాతాకే వేయండి."

ఈ 3,840 ఎలా వచ్చిందో చెప్తాను. విడివిడిగా కొంటే వాళ్ల యాప్‌లో చెకప్ 1,600, కన్సల్టేషన్ 400. అంటే రెండు చెకప్‌లకు 3,200, పన్నెండు కన్సల్టేషన్లకు 4,800, మొత్తం 8,000. మేం కట్టింది 4,800, అంటే రూపాయికి అరవై పైసలు. ఆ లెక్కన ఒక్క కన్సల్టేషన్ మాకు 240 పడింది. నాలుగు వాడాం, 960 పోను మిగిలింది 3,840.

మొదటి జవాబు ముద్రించిపెట్టుకున్నదే: వాడని కన్సల్టేషన్లకు రిఫండ్ లేదు. మళ్లీ రాస్తే 2,320 ఇస్తామన్నారు. ఐదు కన్సల్టేషన్లకు పూర్తి ధర 400 చొప్పున 2,000, రద్దు రుసుము పది శాతం అంటే 480 కోశారు. ఆ రద్దు రుసుముకి ఒక చిక్కుంది. తామే ఆర్డరు రద్దు చేసినప్పుడు అలాంటి రుసుము తామూ భరించే సంస్థ తప్ప మరేదీ కొనుగోలుదారు మీద దాన్ని వేయకూడదని ఆ 2020 నియమాల్లోనే ఉంది. అది గుర్తుచేస్తూ రాసి, నెల దాటాక 1915కి ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రాబడతారు. ఎక్కువసార్లు ఆ కదలికే చాలు. అదీ కుదరకపోతే ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి, మనం ఉండే ఊరి జిల్లాలోనే వేయొచ్చు. డబ్బు కట్టింది చెల్లెలైనా, సేవ ఎవరి కోసం కొన్నారో ఆ పిన్ని కూడా చట్టప్రకారం వినియోగదారే.

కమిషన్ దాకా వెళ్లలేదు. రద్దు రుసుము తీసేశారు, ఐదో కన్సల్టేషన్ తీసేశారు, నాలుగింటికి మాత్రం 400 చొప్పున పట్టుకుని 3,200 ఇస్తామన్నారు. వాడినవాటికి పూర్తి ధర కోస్తామని షరతుల్లో ముందే స్పష్టంగా రాసి ఉంది, మేం చదవలేదు. 640 రూపాయల కోసం పోట్లాడటం నాకిష్టమే, చెల్లెలికి ఇష్టం లేదు.

మధ్యలో ఒక గండం తప్పింది. రిఫండ్ ఆలస్యమైందని బాబాయి ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాడు. అవతలివాడు "యూపీఐ పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అన్నాడట. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఆ సంగతి బాబాయికి తెలుసు కాబట్టి ఫోన్ పెట్టేశాడు.

పది రోజులకు "రిఫండ్ పంపించాం" అని మెసేజ్ వచ్చింది. పిన్ని రోజూ పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి వెళ్లొచ్చేది, పడలేదని నాకు ఫోను. లావాదేవీ నంబరు పంపమని సంస్థను అడిగితే 12 అంకెల నంబరు పంపారు. దాంతో చూస్తే డబ్బు నాలుగు రోజుల కిందటే బెంగళూరులో మా చెల్లెలి ఖాతాలో పడి ఉంది.