పొలం ఉన్నా ఎడ్యుకేషన్ లోన్ రాలేదా? అయితే ఇది చూడండి

(తెరపై: పట్టాదార్ పాస్‌బుక్)

నమస్కారం. ఒక రైతు కుటుంబాన్ని ఊహించుకుందాం. మూడెకరాల మాగాణి, ఊళ్లో పెంకుటిల్లు. అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, 30 లక్షలు కావాలి. నాన్న పాస్‌బుక్ తీసుకెళ్తే, "పొలం మీద ఇవ్వలేమండీ" అన్నారు బ్యాంకులో.

అలా ఎందుకన్నారు? లోన్ 7.5 లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. బాకీ కట్టకపోతే కోర్టు చుట్టూ తిరగకుండా ఆస్తిని వేలం వేసుకునే వీలు సర్ఫేసీ చట్టం ఇస్తుంది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే చాలా బ్యాంకులు ఈ లోన్‌కు పొలం తీసుకోవు. గ్రామకంఠంలో ఇంటికి రిజిస్టర్డ్ దస్తావేజు లేకపోతే, అదీ బ్యాంకు లాయర్ దగ్గరే ఆగిపోతుంది.

(తెరపై: ఫ్లాట్, ఎఫ్‌డీ, ఎల్ఐసీ బాండు)

ఇలాంటివైతే తీసుకుంటాయి. అవి నాన్న పేరునే ఉండాలని లేదు. మేనమామ ఒప్పుకుంటే ఆయన ఫ్లాట్ పెట్టొచ్చు. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ సరిగ్గా ఉండాలి. అప్పు తీరేదాకా ఆయన ఆ ఫ్లాట్ అమ్ముకోలేరు.

ఫ్లాట్ కూడా లేదా? ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ సంస్థలు, తాకట్టు లేకుండా ఇస్తాయి. అవి చూసేది కాలేజీ, కోర్సు, కో-అప్లికెంట్ జీతం, సిబిల్ స్కోరు. నాన్నకు ఐటీ రిటర్నులు ఉండవు కాబట్టి, ఉద్యోగం ఉన్న మేనమామే సంతకం పెట్టాలి. వడ్డీ కూడా ఎక్కువే. 30 లక్షలూ తీసేసుకున్నాక, 9.5 శాతానికైతే నెలకు వడ్డీయే 23,750 రూపాయలు. 12 శాతానికైతే 30,000. కొన్ని సంస్థలు చదువుతుండగానే కొంత వడ్డీ కట్టమంటాయి, ముందే అడగండి.

ఇక్కడ మామయ్యకు ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ అప్పు ఆయన సిబిల్ రిపోర్టులోనూ కనిపిస్తుంది. రేపు ఆయన హోమ్ లోన్‌కు వెళ్తే, అర్హత ఆ మేరకు తగ్గుతుంది. అమ్మాయి ఈఎంఐ తప్పితే ఫోన్ ఆయనకే వస్తుంది. ఇవి తెలిశాకే సంతకం అడగడం న్యాయం.

సంతకం పెట్టేవాళ్లే లేకపోతే, ప్రాడిజీ ఫైనాన్స్, ఎంపవర్ లాంటి సంస్థలు కో-సైనర్ లేకుండా ఇస్తాయి. కానీ వాళ్ల జాబితాలోని యూనివర్సిటీలకే. అప్పు డాలర్లలో ఉంటుంది, కాబట్టి చదువయ్యాక ఇండియాకు తిరిగొచ్చి రూపాయల్లో సంపాదిస్తే భారం పెరగొచ్చు. కొన్ని ప్రభుత్వ బ్యాంకులూ ఎంపిక చేసిన విదేశీ యూనివర్సిటీలకు తాకట్టు లేకుండా ఇస్తాయి. అప్లై చేసే ముందే ఆ లిస్టు అడగండి, సీటు వచ్చాక చూస్తే ఆలస్యమైపోతుంది.

(తెరపై: పీఎం విద్యాలక్ష్మి)

ఇండియాలోనే మంచి ర్యాంకు కాలేజీలో సీటు వస్తే దారి తేలిక. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ఈ పథకంలో తాకట్టు, హామీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు లోన్‌పై చదువుకునే కాలంలో వడ్డీ రేటులో 3 శాతం రాయితీకీ అప్లై చేసుకోవచ్చు. విదేశీ చదువుకు మాత్రం ఇది వర్తించదు.