ఎంబీబీఎస్, బీఏఎంఎస్: రెండింటిలోనూ ఆ చివరి ‘ఎస్’ ఒకటేనా?

నమస్తే అండీ. నీట్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి కామెంట్లలో ఒకటే ప్రశ్న: ఎంబీబీఎస్ రాకపోతే బీఏఎంఎస్ తీసుకోవచ్చా? ముందు పేర్లు విప్పి చూద్దాం.

బ్యాచిలర్ ఆఫ్ మెడిసిన్ అంటే బీఎం అవ్వాలి కదా, మరి ఎంబీ ఎలా అయింది? లాటిన్‌లో ‘మెడిసినే బకలారియస్’ అంటారు, ఆ వరసే నిలిచిపోయింది. తర్వాతి బీఎస్ అంటే బ్యాచిలర్ ఆఫ్ సర్జరీ. అంటే ఒకే చదువుకి రెండు డిగ్రీల పేర్లన్నమాట. బీఏఎంఎస్ అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆయుర్వేదిక్ మెడిసిన్ అండ్ సర్జరీ. రెండింటికీ నీట్ రాయాల్సిందే. రెండూ నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. బీఏఎంఎస్ చిన్న కోర్సు అనేవాళ్ల మాట నమ్మకండి. అక్కడా శవాన్ని కోసి నేర్చుకుంటారు, పైగా సంస్కృతం కూడా చదవాలి.

అసలు తేడా ఎక్కడో ఒక్క జబ్బుతో చెప్తాను. మలద్వారం పక్కన పుండు పడి, లోపలి నుంచి చర్మం దాకా సన్నని దారి ఏర్పడి చీము కారే ఫిస్టులా ఉంది కదా, ఆయుర్వేదంలో దాన్ని భగందరం అంటారు. ఎంబీబీఎస్ విద్యార్థి ఆ దారి ఏ కండరంలోంచి పోతోందో చూడటం నేర్చుకుంటాడు. దారి పైపైనే ఉంటే కోసి తెరుస్తారు. లోతుగా ఉంటే కోయరు, కోస్తే మలం ఆపుకునే పట్టు పోవచ్చు.

బీఏఎంఎస్‌లో శల్యతంత్రం అనే ఆయుర్వేద సర్జరీ సబ్జెక్టులో క్షారసూత్రం నేర్పుతారు. లినెన్ దారానికి జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూస్తారు. మొత్తం 21 పూతలు, ఒక్కో పూత ఆరాకే ఇంకోటి. ఆ దారాన్ని ఫిస్టులా దారిలోంచి తీసి ముడేస్తారు, వారానికోసారి మారుస్తారు. అది మెల్లగా కోస్తూ పోతుంటే వెనకాల పుండు మానుతూ వస్తుంది. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది. కానీ జ్వరంతో, చీముగడ్డ పొంగి వచ్చిన మనిషికి దారం కాదు, ముందు ఆ చీము తీయాలి. ఫిస్టులా వెనక టీబీ ఉంటే టీబీ మందులు పడాల్సిందే.

ఇక ‘ఎస్’ ఉంది కాబట్టి సర్జన్ అయిపోరు. ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ, బీఏఎంఎస్ తర్వాత ఎంఎస్ ఆయుర్వేద శల్యతంత్రం చేయాలి. 2020లో ఆయుర్వేద చదువుల మండలి ఇచ్చిన నోటిఫికేషన్ కొన్ని ఆపరేషన్లు నేర్పాలన్నది కూడా ఆ ఆయుర్వేద పీజీ వాళ్లకే, మామూలు బీఏఎంఎస్‌కి కాదు. అందుకే క్లినిక్ బోర్డు మీద ఎంఎస్, ఎండీ కనిపిస్తే పక్కన ‘ఆయుర్వేద’ అని ఉందో లేదో చూడండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇప్పుడు బీఏఎంఎస్ చేరి, తర్వాత ఎండీ జనరల్ మెడిసిన్‌కి మారదాం అనుకుంటుంటే ఆ దారి లేదు. నీట్ పీజీ ఎంబీబీఎస్ వాళ్లకే, ఆయుర్వేద పీజీకి పరీక్ష వేరు. భగందరానికి దారం కట్టే చదువు నిజంగా నచ్చితేనే ఆ కాలేజీకి ఆప్షన్ పెట్టండి.