బూడిదలో మూడు కుప్పలు: ఆదిశక్తి కథను రెండు రకాలుగా చదవడం

అందరికీ నమస్కారం. ముందు కథ చెప్పుకుందాం.

ఇంకేమీ లేనప్పుడు ఆదిశక్తి తనంతట తానే పుట్టింది. ఈడు వచ్చింది, తోడు కావాలనిపించింది, ఎవరూ లేరు. బ్రహ్మను పుట్టించి పెళ్ళాడమంది. "నువ్వు నాకు తల్లివి" అన్నాడు. కాల్చేసింది. విష్ణువును పుట్టించింది, అతనూ అదే మాట, అతనూ బూడిద. మూడోవాడు శివుడు. సరేనన్నాడు, కానీ ముందు నీ మూడో కన్ను నాకివ్వమన్నాడు. ఇచ్చింది. ఆ కంటితోనే ఆమెను కాల్చాడు. అన్నలను బతికించాడు. ఆమె బూడిదను మూడు కుప్పలు చేస్తే సరస్వతి, లక్ష్మి, పార్వతి లేచారు.

తెలుగు పల్లెల్లో పాడే కథనాల్లో ఇదొకటి. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళు జమిడిక మీద పాడతారు. క్లాసులో ఈ కథ చెబితే తల్లి కొడుకును పెళ్ళి అడిగే చోట ఎవరో ఒకరు నవ్వుతారు. అమ్మవారి ముందు, రంగుల ముగ్గుతో పట్నం వేసిన చోట, అర్ధరాత్రి అదే మాట వచ్చినప్పుడు నవ్వు వినపడదు. మాట ఒకటే, వినేవాళ్ళు దాన్ని తీసుకునే తీరు వేరు. జానపద పరిశోధకుడు విలియం బాస్కమ్ 1965లో పురాగాథను కట్టుకథ నుంచి విడదీసింది ఇక్కడే: చెప్పుకునేవాళ్ళు దాన్ని నిజమని, పవిత్రమని నమ్ముతారు.

ఇక మొదటి చదువు నిర్మాణవాదం, అంటే కథలోని సంఘటనల మధ్య సంబంధాలను చూడడం. 1955లో మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్ గ్రీకుల ఈడిపస్ కథను ముక్కలు చేసి, ఒకే తీరు సంఘటనలను ఒక వరుసలో పేర్చి చూపించాడు. రక్తసంబంధాన్ని మితిమీరి పట్టుకోవడం ఒక వరుస, దాన్ని కాలదన్నడం ఇంకో వరుస. వీటి వెనకాల ఉన్న చిక్కు: మనిషి ఒక్కరి నుంచి పుట్టాడా, ఇద్దరి నుంచి పుట్టాడా?

మన కథ ఈ పద్ధతి కోసమే పుట్టిందా అనిపిస్తుంది. కొడుకును మొగుడిగా కోరడం మొదటి వరుస. తల్లి కొడుకులను కాల్చడం, కొడుకు తల్లిని కాల్చడం రెండోది. మొదట్లో అందరూ ఒక్క ఆమె నుంచే పుడతారు, చివర మిగిలేవి మూడు జంటలు. ఒకటి నుంచి రెండుకు దారి ఎక్కడ? బూడిదలో. అయితే ఆ భార్యలు బయటి నుంచి రాలేదు, ఆ తల్లి బూడిదే. అంటే కూడని పెళ్ళి ఆగలేదు, మూడు పాళ్ళయి కంటికి ఆనకుండా పోయింది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే: కథ చిక్కును విప్పలేదని, దాన్ని నొప్పి తెలియని చోటికి జరిపిందని పట్టిస్తుంది.

ఇంకో కథనం పక్కన పెడితే ఈ చదువు నిలుస్తుందో లేదో తెలుస్తుంది. ఏ.కె. రామానుజన్ చెప్పిన కన్నడ కథలో ఆమె నిప్పుకన్ను అరచేతిలో ఉంటుంది. శివుడు ఆమెతో నాట్యం చేయిస్తాడు, ఆడుతూ ఆడుతూ ఆమె తన చెయ్యి తన తలమీదే పెట్టుకుంటుంది. కన్ను ఇవ్వడం లేదు, అయినా ఆమె నిప్పే ఆమెను కాలుస్తుంది. వివరం మారినా సంబంధం మారలేదు. కథలో మనం చూపించే విరుద్ధ జంటలు కథనం మారగానే కూలిపోతే అవి మనం అతికించినవే. సెమినార్ పత్రాల్లో పచ్చి/వండిన, ఆడ/మగ అని పేర్చే పట్టికల్లో సగం ఇలాంటివే.

రెండో చదువు ప్రతీకలది. అటు వెళ్ళేవాళ్ళ తప్పు వేరు. "బూడిద అంటే వైరాగ్యం" అని నిఘంటువులా రాసేస్తారు. మానవశాస్త్రవేత్త విక్టర్ టర్నర్ జాంబియాలోని ఎన్డెంబు తెగవాళ్ళ మధ్య పనిచేసి చెప్పింది వేరు. ప్రతీక గురించి జనం ఏమంటారు, దానితో ఏం చేస్తారు, అది ఏ ప్రతీకల మధ్య ఉంది, ఈ మూడూ విడివిడిగా చూడమన్నాడు. ఎన్డెంబు ఆడవాళ్ళు ముడ్యి చెట్టు తెల్లటి పాలను తల్లిపాలు అంటారు. కానీ ఆ చెట్టు చుట్టూ చేసే తంతులో తల్లికీ బిడ్డకీ ఎడం కనిపిస్తుంది. మాట ఒకటి, చేత ఇంకొకటి.

అలాగే ఇక్కడ చూడండి. కథలో ఆదిశక్తి కాలిపోయింది, మూడు పాళ్ళయింది, నిప్పు శివుడి చేతికి పోయింది. నిర్మాణం అక్కడితో ముగుస్తుంది. కానీ కథ పాడించుకుంటున్నది ఎవరు? ఎల్లమ్మ. ఆమెను ఆదిశక్తి అనే పిలుస్తారు. పూనకం వచ్చినావిడ ఒంటి మీదికి వచ్చేది సరస్వతి కాదు, లక్ష్మి కాదు, పెళ్ళి కాకముందటి ఆ తల్లే. కాలిపోయిందని పాడుతున్న చోటే ఆమె నిలబడి సాక పోయించుకుంటుంది. కథ పాఠాన్ని మాత్రమే ముందు పెట్టుకుంటే ఇది దొరకదు.

ఇంకొకటి. బోనం కుండ నెత్తిన, కుండ మీద దీపం. ఆడమనిషి తల మీద నిప్పు. కన్నడ కథలో తలమీద పడ్డ చెయ్యి నాకు వెంటనే గుర్తొచ్చింది, ఇక్కడ మాత్రం నిప్పు ఆమెను కాల్చదు. టర్నర్ మూడు ప్రశ్నల్లో చివరిదానికి ఇది సరిపోతుంది. మొదటిదానికి సరిపోదు: ఆ దీపం ఆ కన్నేనని బోనమెత్తినవాళ్ళెవరూ నాతో అనలేదు. కాబట్టి నా పత్రంలో దాన్ని ఊహ అనే రాశాను.