పంది పేగులో దొరికిన ప్లాస్మిడ్: ఎంసీఆర్-1 పేపర్ రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి తీసుకున్నది 2015 నవంబర్‌లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చిన చైనా పేపర్. కొలిస్టిన్ అనే మందుకి బ్యాక్టీరియాని లొంగనివ్వని ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద, అంటే క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ మీద, దొరికిందని చెప్పిన పేపర్ ఇది. చదివి చాలాకాలమైంది, మొన్న మళ్ళీ తీశాను. ప్లాస్మిడ్ అంటే ఏమిటో పాఠంలో చదివి "అర్థమైంది" అనుకున్నవాళ్ళకి కూడా ఇందులో పని ఉంటుంది.

ముందు కొలిస్టిన్ గురించి నాలుగు మాటలు. ఇది పాత యాంటీబయాటిక్. కిడ్నీలను దెబ్బతీస్తుందని డాక్టర్లు ఒకప్పుడు పక్కన పెట్టేశారు. మిగతా మందులు పనిచేయని ఇన్‌ఫెక్షన్లు పెరిగాక, ఐసీయూల్లో చివరి మందుగా మళ్ళీ దీని దగ్గరికే వచ్చారు. అదే సమయంలో చైనాలో పందులకీ కోళ్ళకీ మేతలో కలిపి టన్నులకొద్దీ తినిపించారు, త్వరగా బరువు పెరుగుతాయని.

అప్పటిదాకా కొలిస్టిన్‌కి లొంగని బ్యాక్టీరియా ఉన్నా, కారణం వాటి సొంత క్రోమోజోమ్‌లో వచ్చిన మార్పే అనుకున్నారు. అలాంటి మార్పు తల్లి కణం నుంచి పిల్ల కణాలకి వెళ్తుంది, పక్కవాడికి వెళ్ళదు. చైనా ఫారాల్లో మాత్రం లొంగని ఇ.కోలై అనే పేగు బ్యాక్టీరియా మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుండడంతో ఈ బృందానికి అనుమానం వచ్చింది. షాంఘైలో ఒక ఫారం పంది నుంచి తీసిన ఇ.కోలైని పట్టుకుని, దీని గుణం ఇంకో కణానికి దాటుతుందా అని చూశారు.

దాటింది. ఈ తరహా ప్రయోగం ఎలా ఉంటుందో చెప్తాను, పేపర్‌కి గుండెకాయ ఇదే. ఒకవైపు కొలిస్టిన్‌ని తట్టుకునే పంది ఇ.కోలై, ఇది దాత. ఇంకోవైపు ల్యాబ్ ఇ.కోలై, ఇది గ్రహీత. కొలిస్టిన్ పోస్తే గ్రహీత చచ్చిపోతుంది, కానీ దాతకి లేని ఇంకో గుర్తు, అంటే వేరే ఏదో మందుని తట్టుకునే శక్తి, దానికి ఉంటుంది. రెండింటినీ కలిపి కొన్ని గంటలు ఉంచి, రెండు మందులూ ఉన్న ప్లేటు మీద పరుస్తారు. దాత అక్కడ బతకదు, ఒట్టి గ్రహీత కూడా బతకదు. మర్నాడు పొద్దున ఆ ప్లేటు మీద చుక్కలు కనిపించాయంటే, గ్రహీతలోకి ఏదో దాటినట్టే. దాతని ఒక్కదాన్నీ, గ్రహీతని ఒక్కదాన్నీ పరిచిన రెండు ప్లేట్లు పక్కన ఖాళీగా ఉంటేనే ఆ మాట అనాలి. మా ఎమ్మెస్సీ ల్యాబ్‌లో ఒకసారి మందు మోతాదు తగ్గి అన్ని ప్లేట్లూ నిండిపోయాయి. నేను మాత్రం అరగంటసేపు గొప్ప ఫలితం వచ్చిందని సంబరపడ్డాను!

ఈ పేపర్‌లో వచ్చిన రేటు చూడండి. ప్రతి పది గ్రహీతల్లో ఒకటి నుంచి ప్రతి వెయ్యిలో ఒకటి దాకా. చాలా ప్లాస్మిడ్లకి లక్షల్లో ఒకటి వస్తేనే సరేలే అనుకుంటాం.

దాటింది ఏమిటని చూస్తే అదొక గుండ్రటి డీఎన్ఏ. స్క్రీన్ మీద కనిపిస్తున్న పేరు pHNSHP45. పొడవు సుమారు 64 వేల అక్షరాలు. ఇ.కోలై క్రోమోజోమ్ దాదాపు 46 లక్షలు, దాని ముందు ఇది చిన్న చిట్టా లాంటిది. అందులో ఎంసీఆర్-1 అనే జన్యువు ఉంది. కొలిస్టిన్‌కి పాజిటివ్ చార్జ్ ఉంటుంది, బ్యాక్టీరియా బయటి పొరలోని లిపిడ్-ఎ నెగటివ్ చార్జ్‌ని పట్టుకుని పొరని చీలుస్తుంది. ఈ జన్యువు తయారుచేసే ఎంజైమ్ లిపిడ్-ఎకి ఫాస్ఫోఇథనోలమైన్ అనే ముక్కని అతికిస్తుంది. దాంతో నెగటివ్ చార్జ్ తగ్గిపోతుంది, మందుకి పట్టు దొరకదు.

ఇప్పుడు దాటడం గురించి. మనం పక్కింటివాళ్ళకి తోడు ఇస్తే మన గిన్నెలో పెరుగు అయిపోదు కదా, ప్లాస్మిడ్ కూడా అంతే, ఇచ్చినవాడి దగ్గరా ఉంటుంది. దాత కణం పిల్లస్ అనే సన్నటి గొట్టంతో గ్రహీతని పట్టుకుంటుంది. రిలాక్సేజ్ అనే ఎంజైమ్ ప్లాస్మిడ్ రెండు పోగుల్లో ఒకదాన్ని ఒక నిర్ణీత చోట కోసి, ఆ కొసని పట్టుకుని అవతలికి వెళ్తుంది. ఒక పోగు అటు పోతుంటే, ఇటు మిగిలిన పోగుని చూసి దాత కొత్త జతని అల్లుకుంటుంది. అటు చేరిన ఒంటి పోగుకి గ్రహీత జత అల్లుతుంది. చివరికి ఇద్దరి దగ్గరా పూర్తి ప్లాస్మిడ్లు. ఎఫ్ అనే ఇంకో ప్లాస్మిడ్ ఇ.కోలై మొత్తం క్రోమోజోమ్‌ని దాటించడానికి సుమారు 100 నిమిషాలు పడుతుందని పాత ప్రయోగాలు చెప్తాయి, అంటే నిమిషానికి 46 వేల అక్షరాలు. అదే వేగం అనుకుంటే మన 64 వేల ప్లాస్మిడ్ నిమిషంన్నర లోపే దాటేస్తుంది. ఇది నా లెక్క, పేపర్‌లో లేదు.

పేపర్‌లో దీన్ని "ఇంక్ ఐ2" రకం అన్నారు. చాలామంది ఈ మాట దాటేసి చదువుతారు. నాకైతే ఇక్కడే ఆసక్తి. ఇంక్ అంటే ఇన్‌కంపాటిబిలిటీ, పొత్తు కుదరకపోవడం. ప్లాస్మిడ్ కాపీ అవడానికి కణంలోని యంత్రాలనే వాడుకుంటుంది, కానీ ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్ని కాపీల దగ్గర ఆగాలో తనే లెక్క పెట్టుకుంటుంది. చాలా ప్లాస్మిడ్లలో ఆ లెక్క చిన్న ఆర్ఎన్ఏ ముక్క చేతిలో ఉంటుంది. కాపీలు పెరిగితే ఆ ముక్కలు పెరుగుతాయి, అవి కాపీ మొదలుపెట్టే ప్రొటీన్ తయారీని ఆపేస్తాయి. ఒకే లెక్క పద్ధతి ఉన్న రెండు ప్లాస్మిడ్లు ఒక కణంలో పడితే ఆ ముక్కలకి రెండూ ఒకటే అనిపిస్తాయి. మొత్తం కలిపి లెక్కేసి ఆపేస్తాయి. కొన్ని విభజనల తర్వాత ఏదో ఒకటి జారిపోతుంది. ఒకే కణంలో ఉండలేని ప్లాస్మిడ్లది ఒకే ఇంక్ గుంపు అంటున్నది అందుకే.

ఎంసీఆర్-1 తర్వాత ఇంక్ ఎక్స్4, ఇంక్ హెచ్ఐ2 రకాల ప్లాస్మిడ్ల మీద కూడా దొరికింది. పక్కనే ఉండే ఐఎస్ఏపీఎల్1 అనే గెంతే డీఎన్ఏ ముక్కే ఈ జన్యువుని ప్లాస్మిడ్ నుంచి ప్లాస్మిడ్‌కి మోసింది. బండి మారినా సరుకు అదే.

ఇక నమూనాల దగ్గరికి వద్దాం. ఎంసీఆర్-1 ఉన్న ఇ.కోలై పచ్చిమాంసం 523 నమూనాల్లో 78, జంతువులు 804 లో 166 దగ్గర దొరికింది. ఆస్పత్రి రోగుల నమూనాలు 1,322 లో 16 లోనే జన్యువు ఉంది. 15 శాతం, 21 శాతం, 1 శాతం. ఫారంలో పుట్టి మనుషుల్లోకి వచ్చిందని రచయితల అభిప్రాయం. తేడా ఆ దిశగానే ఉంది, నేను కాదనను. కానీ ఈ నమూనాలు ఏ దారిలో వచ్చిందో చూపించలేవు, ఎక్కడెక్కడ ఉందో మాత్రమే చూపిస్తాయి. న్యూస్‌లో మాత్రం ఈ మాట ఎగిరిపోయింది.

ఇంకో చిక్కు. ల్యాబుల్లో మామూలుగా మందు పూసిన బిళ్ళ పెట్టి చుట్టూ ఖాళీ వలయం కొలుస్తాం కదా, కొలిస్టిన్‌కి ఆ పద్ధతి నమ్మకం కాదు. పెద్ద అణువు కావడంతో అగర్‌లో సరిగ్గా పాకదు. ద్రవంలో వేర్వేరు మోతాదుల్లో మందు కలిపి పెరుగుదల చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాల్సిందే. పైగా ఎంసీఆర్-1 ఉన్న ఇ.కోలై పెరగడం సాధారణంగా లీటరుకి 4, 8 మిల్లీగ్రాముల మందు దగ్గరే ఆగుతుంది. 2 దాటితే రెసిస్టెంట్ అంటారు, అంటే గీతకి కాస్త పైన. పొరపాటు పరీక్షలో ఇలాంటిది సులువుగా జారిపోతుంది.

పేపర్ వచ్చిన కొన్ని వారాల్లోనే డెన్మార్క్ వాళ్ళు తమ దగ్గర అంతకుముందే ఉన్న జీనోమ్ డేటాలో వెతికితే ఒక రోగిలోనూ, దిగుమతి చేసుకున్న కోడి మాంసంలోనూ కనిపించింది. చైనాలో దాచి ఉంచిన 1980ల నాటి కోళ్ళ బ్యాక్టీరియాలో కూడా ఈ జన్యువు బయటపడింది. అంటే 2015 అనేది మనం చూసిన సంవత్సరం, పుట్టిన సంవత్సరం కాదు.

మన దగ్గర 2019 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ కోళ్ళకీ, ఆక్వాకీ, పశువుల మేతకీ కొలిస్టిన్‌ని నిషేధించింది. కోళ్ళ ఫారాలూ రొయ్యల చెరువులూ ఉన్న మన జిల్లాలవాళ్ళకి ఇది దగ్గరి సంగతే. కానీ మన ఆస్పత్రుల్లో కొలిస్టిన్‌కి లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలో ఎక్కువగా కనిపించేది క్రోమోజోమ్ మార్పే, ముఖ్యంగా ఎంజీఆర్‌బీ జన్యువు చెడిపోవడం. ఆ కేసులన్నీ ఈ ప్లాస్మిడ్ ఖాతాలో రాయకండి.

చైనా 2017లో మేతలో వాడకం ఆపింది. ఏటా 27 వేల టన్నులున్న కొలిస్టిన్ ఉత్పత్తి 2018కి సుమారు 2,500 టన్నులకి పడిపోయింది. పందుల నమూనాల్లో ఎంసీఆర్-1 రెండేళ్ళలో 45 శాతం నుంచి 19కి తగ్గింది. మందు లేనిచోట కూడా ఆ 19 శాతం ఎలా నిలబడిందో వచ్చే వీడియోలో, ఎక్స్4 ప్లాస్మిడ్ పేపర్‌తో చూద్దాం.