పెళ్లికి పన్నెండు నెలలు: శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం

మేనకోడలు: శ్రోతలకు నమస్కారం. మా చెల్లి పెళ్లి వచ్చే ఫిబ్రవరిలో. సరిగ్గా ఏడాది ఉంది. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా పెళ్లి ఏర్పాట్లు చూస్తున్న మా అత్తయ్యను పట్టుకొచ్చాను. అత్తయ్యా, మొదట ఏమిటి? హాలా, చీరలా?

అత్తయ్య: ముందు ముహూర్తం చెప్పు.

మేనకోడలు: ఫిబ్రవరి 20 శనివారం రాత్రి, రెండు గంటల నలభై నిమిషాలకు.

అత్తయ్య: అంటే క్యాలెండరు ప్రకారం 21. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి పురోహితుడికి అది ఇంకా శనివారమే. రైల్వే వారికి, హాలు మేనేజరుకు మాత్రం ఆదివారం. ఈ ఏడాది పొడవునా మీరు చేసే ప్రతి బుకింగులోనూ ఈ చిక్కు ఎదురవుతుంది.

మేనకోడలు: హాలు దగ్గర కూడానా?

అత్తయ్య: అక్కడే మొదలవుతుంది. నగరంలో అందరూ చూసేవి ఆ కొద్ది ముహూర్తాలే. మంచి రోజైతే కొంపల్లి నుంచి శంషాబాద్ దాకా హాళ్లన్నీ ఒకేసారి నిండుతాయి. అందుకే పెళ్లికి పన్నెండు నెలల ముందే పురోహితుణ్ణి రెండు మూడు ముహూర్తాలు అడిగి, ఆ కాగితంతో హాలుకు వెళ్లాలి. ఒక్క తేదీతో వెళితే బేరం మన చేతిలో ఉండదు. నీ లెక్కలో హాలు 20వ తేదీకి కావాలి. ఎవరైనా ఫోనులో "21 పెళ్లి" అని చెప్పారనుకో, ఆదివారం ఉదయం నుంచి రాసేస్తారు.

మేనకోడలు: 20కి రాయించుకుంటే సరిపోతుందా?

అత్తయ్య: సరిపోదు. హాలు ఎన్ని గంటలకు ఇస్తారు, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి అన్నది రసీదు మీద ఉండాలి. రెండు నలభైకి జీలకర్ర, బెల్లం. ఆ తరువాత మంగళసూత్రం, తలంబ్రాలు, సప్తపది, అప్పగింతలు. ఎంత తొందరపడినా తెల్లవారుతుంది. అద్దె గడువు ఉదయం ఆరింటికే ముగిస్తే, ఆదివారం పొద్దుటి ముహూర్తం వాళ్ల పూలబండి గేటు దగ్గర ఆగి ఉంటుంది. మనవాళ్లు ఇంకా వధూవరులకు హారతి ఇస్తుంటారు, వాళ్ల మనుషులు మన మండపం పూలు తెంపుతుంటారు. నేను చూశాను. ఆదివారం మధ్యాహ్నం దాకా హాలు మనదేనని రాతలో ఉంటేనే అడ్వాన్సు ఇవ్వు. జనరేటరు డీజిలు, శుభ్రం చేసే ఖర్చు అద్దెలో ఉన్నాయా, బయటి వంటవాళ్లను రానిస్తారా అన్నవీ అప్పుడే అడుగు.

మేనకోడలు: వంటవాళ్లను ఎప్పుడు మాట్లాడాలి?

అత్తయ్య: హాలు కుదిరిన నెలలోనే. పురోహితుడు, సన్నాయి మేళం, ఫొటోగ్రాఫరు కూడా. మంచి ముహూర్తానికి వాళ్లందరికీ ఒకేసారి పిలుపులు వస్తాయి. వంటవాళ్లకు రెండు వేరు వేరు లెక్కలు ఇవ్వాలి. నగరంలో ఉండేవాళ్లు ఏడింటికి వచ్చి, ఫొటో దిగి, భోంచేసి, పదింటికల్లా వెళ్లిపోతారు. ముహూర్తానికి మిగిలేది దగ్గరి బంధువులే. వాళ్లకు మూడింటికి టీ, తెల్లవారాక టిఫిను కావాలి. ఒకే సంఖ్య చెబితే తెల్లవారుజామున ఎవరూ తినని ఇడ్లీలు గుట్టలుగా ఉంటాయి.

మేనకోడలు: చీరల సంగతి చెప్పండి. అమ్మ అడుగుతూనే ఉంది.

అత్తయ్య: ఆ విషయం మీ అమ్మకు వదిలేయ్, నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. జులైలో ఆషాఢం తగ్గింపులు ఉంటాయి, పట్టుచీరలు అప్పుడే కొనండి. నేను పట్టుబట్టేది జాకెట్టు గురించే. మగ్గం పని కుట్టక ముందే గుడ్డ మీద జరుగుతుంది, అంటే కొలత ముందే ఇచ్చేయాలి. ఇచ్చిన తరువాత పెళ్లికూతురు సన్నబడుతుంది. అందుకని పక్క కుట్టు దగ్గర మడత వదలమని, అక్కడ పని చేయవద్దని మగ్గం వాళ్లకు చెప్పండి. లేకపోతే చివరి వారంలో విప్పి బిగించడానికి చోటుండదు. మధుపర్కాల గురించి కంగారు లేదు.

మేనకోడలు: రాజమండ్రి నుంచి నలభై మంది రావాలి. అందులో అమ్మమ్మ కూడా ఉంది.

అత్తయ్య: అసలు మాట ఇప్పుడు వచ్చింది. 2024 నవంబరు నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. ప్రయాణం రోజును లెక్కలో కలపరు. మీవాళ్లు 19 శుక్రవారం రాత్రి గౌతమి గానీ గోదావరి గానీ ఎక్కి, శనివారం పొద్దున దిగాలి. దానికి రిజర్వేషన్ డిసెంబరు 21న ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణానికి డిసెంబరు 23.

మేనకోడలు: శుభలేఖలు అప్పటికి చేరతాయా?

అత్తయ్య: చేరవు. శుభలేఖ చూసి టికెట్టు తీసుకునే కాలం పోయింది. నవంబరులోనే ఫోన్లు చేసి, ఎవరు వస్తారో, ఆధార్‌లో ఉన్నట్టు పేర్లు, వయసులు రాసుకో. ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి కుదరదు కాబట్టి నలభై మందికి కనీసం ఏడు టికెట్లు. టికెట్లు తీసే నలుగురైదుగురు ముందే తమ ఖాతాలకు ఆధార్ జతచేసుకోవాలి. అమ్మమ్మను మాత్రం ఆ ఆరుగురిలో కలపకు.

మేనకోడలు: ఎందుకు? ఒంటరిగా ఎలా వస్తుంది?

అత్తయ్య: ఒంటరిగా కాదు. అరవై దాటిన మగవారికి, నలభై అయిదు దాటిన ఆడవారికి కింది బెర్తుల కోటా ఉంది. అది టికెట్టు మీద ఒక్కరున్నా, అర్హులైన ఇద్దరున్నా మాత్రమే వర్తిస్తుంది. ఆరుగురితో కలిపితే ఆమెకు పై బెర్తు వచ్చినా రావచ్చు. అమ్మమ్మకు, మీ పెద్దత్తకు కలిపి వేరే టికెట్టు తియ్యి.

మేనకోడలు: శనివారం పొద్దున్నే దిగితే గదులు?

అత్తయ్య: లాడ్జీల్లో చాలావరకు మధ్యాహ్నం 12 నుంచి 12 దాకా ఒక రోజు లెక్క. తెల్లవారుజామున వచ్చేవారికి శుక్రవారం నుంచే గది తీసుకోవాలి, లేదంటే సామానుతో వరండాలో కూర్చోవాలి. అందరికీ అక్కర్లేదు. పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు రెండు మూడు గదులు శుక్రవారం నుంచి, మిగతావి శనివారం మధ్యాహ్నం నుంచి. హాలుకు దగ్గరగా దొరకాలంటే సెప్టెంబరులోనే చూసుకో.

మేనకోడలు: ఇక శుభలేఖ.

అత్తయ్య: ఛత్తా బజార్‌లో అచ్చుకు ఇచ్చే ముందు పేర్ల వరుస మీద ఇంట్లో ఒక గొడవ అవుతుంది, దానికి వారం పెట్టుకోండి. పుష్యమాసంలో పిలుపులు మొదలుపెట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి మార్గశిరంలోనే మొదటి శుభలేఖకు పసుపు పెట్టి దేవుడి దగ్గర ఉంచండి. ప్రూఫులో ముందు తేదీ చూడు. "20వ తేదీ శనివారం రాత్రి 2-40 గంటలకు, తెల్లవారితే ఆదివారం" అని పూర్తిగా ఉండాలి. కింద విందు శనివారం సాయంత్రం ఏడింటికి అని విడిగా వేయించు. ఒక ఇంట్లో వాట్సాప్‌లో పంపిన చిన్న కార్డు మీద "21, ఉదయం 2-40" అని మాత్రమే వేశారు. విశాఖ నుంచి ఒక కుటుంబం శనివారం రాత్రి రైలెక్కి, ఆదివారం పొద్దున హాలుకు వచ్చింది. మండపం విప్పుతున్నారు.

మేనకోడలు: అయ్యో. అలా జరగకుండా ఏం చేయాలి?

అత్తయ్య: ఊరి నుంచి వచ్చేవారికి ముహూర్తం చెప్పకు, రైలు చెప్పు. "శుక్రవారం రాత్రి ఎక్కండి, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం" అంతే. టికెట్లు మీరే తీస్తున్నారు కాబట్టి ఆ మాట చెప్పే హక్కు మీకుంది. ఫిబ్రవరి మొదటి వారంలో వెయిటింగ్ లిస్టులో ఎవరెవరు మిగిలారో చూసి, వాళ్లకు బస్సు టికెట్లు తియ్యి. చార్టు తయారయ్యాక కూడా మొత్తం వెయిటింగ్‌లోనే ఉన్న ఆన్‌లైన్ టికెట్టు దానంతట అదే రద్దవుతుంది. అప్పటికి శుక్రవారం రాత్రి బస్సుల్లో సీట్లు ఉండవు.