బిడ్డ పేరులో ఇంటిపేరు ఎక్కడ ఉండాలి?

(తిరుపతిలోని ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన వ్యక్తి మాట్లాడిన మాటలు)

హెడ్మాస్టరమ్మ గారికి, తల్లిదండ్రులకు నమస్కారం. నాకు పది నిమిషాలు ఇచ్చారు. అందులో సగం పేర్లు చదువుతూ కృతజ్ఞతలు చెప్పడానికి పోతుంది కాబట్టి అది వదిలేస్తున్నాను. అడ్మిషన్ ఫారంలో ‘విద్యార్థి పూర్తి పేరు’ అనే గడి ఒకటి ఉంటుంది. నా గొడవంతా దానితోనే.

మన వైపు ఈ చిక్కు ఎక్కువ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో పెద్ద భాగం తమిళం ఎక్కువగా మాట్లాడే ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచే వచ్చింది. అందుకే నగరి, పుత్తూరు వైపు చాలా ఇళ్ళలో తమిళుల మాదిరి తండ్రి పేరు మొదటి అక్షరాన్నే ఇనీషియల్‌గా పెడతారు. ఇటు వస్తే ఇంటిపేరు ముందు. రెండూ మన పద్ధతులే, తప్పేం లేదు. ఒకే బిడ్డకు రెండూ వాడితేనే తంటా.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను, పేర్లు మార్చి. ఇంటిపేరు చింతల, తండ్రి సుబ్రహ్మణ్యం, బిడ్డ చరణ్. తాతగారిది నగరి. అక్కడి బడిలో ‘S. CHARAN’ అని చేర్చారు, ఆధార్ కూడా ‘CHARAN S’ అనే తీయించారు. తిరుపతికి వచ్చాక ఇక్కడి బడిలో ‘CH. CHARAN’ అని రాశారు. ‘చింతల’కు ఒకరు C పెడతారు, ఒకరు CH పెడతారు. మనిషి చూస్తే రెండూ ఒకటే. కంప్యూటర్‌కు కాదు.

తొమ్మిదో తరగతిలో అపార్ ఐడీ, అంటే చదువు రికార్డులన్నిటికీ కలిపి విద్యార్థికి ఇచ్చే నంబరు, తీయాల్సి వచ్చింది. దానికి బడి రికార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటిగా ఉండాలి. లేవు. తండ్రి వెళ్ళి బిడ్డ ఆధార్‌లో ‘CH CHARAN’ అని మార్పించాడు. అంతటితో ఆగుంటే బాగుండేది. ఎవరో సంఖ్యాశాస్త్రం చెబితే చివర ఇంకో N చేర్చి ‘CHARANN’ అని మళ్ళీ మార్పించాడు! అమ్మా, ఆ నవ్వు ఆపి వినండి, మీ ఇళ్ళలోనూ ఇలాంటి అక్షరాలు ఉంటాయి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. ఆ రెండూ అయిపోయాయి. బడి రికార్డులో మాత్రం ఒక N తోనే ఉంది. ఇక మిగిలింది ప్రత్యేక అనుమతి కోసం ప్రాంతీయ కార్యాలయానికి అర్జీ పెట్టుకోవడం. ఆ తండ్రి టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. మా ఆఫీసు వాళ్ళనూ తిట్టాడు లెండి.

మరి ఏం చేయాలి? పేరు పుట్టాల్సింది జనన ధ్రువీకరణ పత్రంలో. ఆసుపత్రిలో పేరు లేకుండానే నమోదు చేయిస్తారు, తర్వాత చాలామంది మర్చిపోతారు. ఏడాదిలోపు వెళ్తే రుసుము లేకుండా పేరు చేరుస్తారు. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు చాలా పనుల్లో పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. కాబట్టి అక్కడ సరిగ్గా రాయించండి.

సరిగ్గా అంటే, పొట్టి అక్షరాలు లేకుండా. ‘CHINTALA CHARAN’ అని పూర్తిగా. C నా CH నా అన్న ప్రశ్నే రాదు. తండ్రి పేరుకు ప్రతి ఫారంలో వేరే గడి ఉంది, దాన్ని బిడ్డ పేరులో ఇరికించే అవసరం లేదు. పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరు ఒక గడి, పెట్టిన పేరు ఇంకో గడి, ఇనీషియల్స్ రాయొద్దంటారు. చింతల ఒక చోట, చరణ్ ఒక చోట. సమస్య లేదు. అదే ‘చింతల సుబ్రహ్మణ్యం చరణ్’ అని రాయించారనుకోండి, రెండో గడిలోకి ‘సుబ్రహ్మణ్యం చరణ్’ పోతుంది. విదేశంలో మీ అబ్బాయిని పిలిచేది వాళ్ళ నాన్న పేరుతో!

ఇంటిపేరు వాడే అలవాటే లేని ఇళ్ళవాళ్ళు తండ్రి పేరునే పెట్టుకోండి, అదీ పూర్తిగానే. ‘SUBRAHMANYAM CHARAN’. మధ్యలో ఊరు మారినా ఇంటిపేరుకు దూకొద్దు. హాజరు పట్టీలో టీచర్ గారు పొట్టిగా రాసుకుంటే రాసుకోనివ్వండి, అది వేరే సంగతి.

ఇప్పటికే తేడాలున్న వాళ్ళు ఒక పని చేయండి. ఫోన్లు తీయండి, తీయండి, ఇప్పుడే. బిడ్డ ఆధార్ ఫొటో ఉంటుంది కదా. అందులో పేరును అక్షరం అక్షరం, మధ్యలో ఖాళీతో సహా ఒక కాగితం మీద రాసుకుని, బడి అడ్మిషన్ రిజిస్టర్‌తో సరిచూసుకోండి. తేడా ఉంటే ఆధార్ సెంటర్‌కు పరుగెత్తకండి. ముందు జనన పత్రం ఏమంటుందో చూసి, తప్పు ఎక్కడుందో అక్కడే దిద్దించండి. పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితా, అదే నామినల్ రోల్, పంపేలోపు అయితే బడి నుంచే కదలొచ్చు. మార్కుల మెమో అచ్చయ్యాక పరీక్షల విభాగం దాకా అర్జీలు నడపాలి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల తల్లిదండ్రులు వెళ్ళిపోకండి. అడ్మిషన్ రిజిస్టర్ బయటికి తెప్పించమని మేడమ్ గారిని అడిగాను, సరేనన్నారు. మధ్యాహ్నం దాకా నేనూ ఇక్కడే ఉంటాను.